పేరు మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: ఆత్మహత్య చేసుకున్న రైతుల భార్యలను, ఒకే మండలంలో పన్నెండు మందిని, ఇంటర్వ్యూ చేయబోతున్నాను. ‘సమ్మతి తీసుకుంటాం, పేర్లు మారుస్తాం, సమాచారం భద్రపరుస్తాం’ అని రాసిన నైతిక అంశాల భాగాన్ని కమిటీ తిప్పి పంపింది. ఎలా తిరగరాయాలి?
– ఓ పరిశోధక విద్యార్థిని

జవాబు: మీరు రాసినవి మూడూ హామీలే. వాటిని ఎలా నిలబెట్టుకుంటారో కమిటీకి కనబడలేదు. పేరు మార్చినా ‘నాలుగెకరాల పత్తి, ఇద్దరు ఆడపిల్లలు, 2019లో భర్త మరణం’ అని రాస్తే ఆ ఊళ్లో ఎవరైనా ఇట్టే పోల్చుకుంటారు, అప్పిచ్చిన వ్యాపారితో సహా. అందుకే ఊరి పేరు, ఏడాది, పిల్లల వివరాలు తీసేస్తామని స్పష్టంగా రాయండి. వివరాలు పోతే పరిశోధన పలచబడదా అంటారేమో. మీ విశ్లేషణకు అప్పు ఎక్కడ పుట్టిందో కావాలి, ఆడపిల్లలు ఎందరో కాదు. సమ్మతి సంగతీ అంతే. చదువురాని ఆమెకు పత్రం తెలుగులో చదివి వినిపించి, వేలిముద్రతో పాటు సంబంధం లేని సాక్షి సంతకం తీసుకుంటామనండి. సాక్షిగా సర్పంచో బావగారో కూర్చుంటే ఆమె కాదనలేదు. మధ్యలో ఆపేయొచ్చని, పరిహారానికీ ఈ ఇంటర్వ్యూకీ సంబంధం లేదని ముందే చెప్పాలి.

రికార్డింగును అదే రోజు ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవ్‌లోకి మార్చి ఫోన్‌లోంచి చెరిపేస్తామని, ఫోన్ ఆటో బ్యాకప్ ఆపి ఉంచుతామని రాయండి. అసలు పేర్ల జాబితా విడిగా ఎవరి దగ్గర ఉంటుందో, ఏ తేదీన చెరిపేస్తారో కూడా చెప్పండి.

మాట్లాడుతూ ఆమె తనకూ బతకాలని లేదంటే వెంటనే ఇంటర్వ్యూ ఆపి, ఆమెను ఒంటరిగా వదలకుండా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. మీ గైడ్‌కూ అదే రోజు చెప్పండి.