ప్రశ్నలు - జవాబులు: వీధి వ్యాపారంలో చెప్పే ధర, తగ్గించే తీరు

ప్రశ్న: హైదరాబాద్ కోఠిలో ఫుట్‌పాత్‌పై హ్యాండ్‌బ్యాగులు అమ్మే వ్యాపారి, కొనేవారు బేరం ఆడతారని తెలిసినప్పుడు, మొదట ఎంత ధర చెప్పాలి?

జవాబు: చెప్పే ధరను నిర్ణయించడానికి ముందు మరో రెండు ధరలు తేలాలి. మొదటిది గిట్టుబాటు ధర, అంటే అంతకంటే తక్కువకు అమ్మితే చేతి నుంచి డబ్బు పోయే హద్దు. రెండోది తెగే ధర, అంటే మామూలు రోజున బేరం ఎక్కడ ముగిస్తే వ్యాపారికి తన శ్రమకు తగిన కూలి మిగులుతుందో ఆ ధర. ఉదాహరణకు బ్యాగు టోకు ధర 180 రూపాయలు, ఆటో కిరాయి, అప్పు వడ్డీ, తిండి కలిపి రోజు ఖర్చు 600 రూపాయలు, రోజుకు 15 బ్యాగులు అమ్ముడవుతాయి అనుకుంటే, ఒక్కో బ్యాగుపై 40 రూపాయల ఖర్చు పడి గిట్టుబాటు ధర 220 అవుతుంది. చాలామంది ఈ 40 రూపాయలను లెక్కలోకి తీసుకోకుండా టోకు ధరనే హద్దుగా భావించడం వల్ల, సాయంత్రానికి సరుకు అయిపోయినా పెట్టుబడి తరిగిపోతుంది. రోజుకు 600 రూపాయలు మిగలాలంటే తెగే ధర 260 కావాలి.

బేరాలు తరచుగా రెండు పక్షాలూ మొదట పలికిన ధరలకు నడిమధ్యన తెగుతాయి. బేరానికి అలవాటుపడిన బజారులో కొనేవారు చెప్పిన ధరలో సగానికి అడగడం పరిపాటి కనుక, 350 చెబితే వారు 170 అడుగుతారు, మధ్య విలువ 260 అవుతుంది. అందుకే ఇక్కడ 350 తగిన ధర. 500 చెబితే ఇంకా లాభమనిపించవచ్చు గానీ, పక్క బండిపై అలాంటి బ్యాగునే చూసి వచ్చినవారు ఎదురు ధర చెప్పకుండానే వెళ్లిపోతారు. ధర అడిగినవారిలో ఎక్కువమంది ఏ మాటా అనకుండా కదిలిపోతుంటే చెప్పే ధర హెచ్చిందని, వెంటనే డబ్బు తీసి ఇస్తుంటే అది తక్కువైందని వ్యాపారి గ్రహించాలి.

ప్రశ్న: 350 నుంచి 260కి ఎలా దిగాలి?

జవాబు: కొనేవారు వినేది ధరను మాత్రమే కాదు, ఒక్కో మెట్టు ఎంత దిగిందో కూడా గమనిస్తారు. 350, 320, 290, 260 అని సమానంగా తగ్గిస్తే, తర్వాతి మెట్టు 230 అని వారు సహజంగానే ఊహించి ఆగుతారు. మొదట 10 రూపాయలు, తర్వాత 30, ఆపై 50 తగ్గించడం మరీ నష్టం, ఎందుకంటే పట్టుబట్టిన కొద్దీ ఎక్కువ దక్కుతుందని వ్యాపారే నేర్పినట్టవుతుంది. 350, 310, 285, 270, 260 అని దిగితే తగ్గింపులు 40, 25, 15, 10గా కుదించుకుపోతాయి, హద్దు దగ్గరపడిందన్న సంగతి ప్రమాణాలు చేయకుండానే తెలుస్తుంది. కొన్న ధర గురించి ఒట్టు వేసి అబద్ధం చెప్పడం అక్రమం, పైగా అనవసరం. ప్రతి మెట్టుకూ కొనేవారు కూడా ఒక మెట్టు పైకి రావాలి. వారు 170 దగ్గరే నిలిచి ఉండగా రెండోసారి తగ్గిస్తే, వ్యాపారి తనతో తానే బేరమాడుకున్నట్టవుతుంది.

కొనేవారు మొదటే 250 అడిగితే 260కి దూకడం పొరపాటు. ఆ బేరానికి మధ్య విలువ 300 కనుక 330, 315, 305 అని చిన్న మెట్లతో దిగవచ్చు. వారు 100 అడిగితే మాత్రం అంకెతో జవాబు ఇవ్వక, జిప్పు, కుట్టు, లోపలి అస్తరు చూపించి మరో ధర అడగాలి. 260 దగ్గర కూడా వెనుదిరిగినవారిని పిలిచి 200కి ఇస్తే ఆ బ్యాగుపై 20 రూపాయలు పోవడమే కాక, చుట్టూ నిలబడి విన్నవారందరికీ అదే ధర అవుతుంది. రెండు బ్యాగులు తీసుకుంటే 500 అనడం మేలు, ఎందుకంటే అప్పుడు ఒక్కోటి 250కి పోయినా తగ్గింపు ఊరికే పోకుండా అమ్మకాన్ని పెంచుతుంది. బోణీ బేరమన్న కారణంతో గిట్టుబాటు ధరను దాటి కిందికి దిగడం కూడా తగదు.

ప్రశ్న: ధర ముద్రించిన ప్యాకెట్ సరుకుకూ ఇదే పద్ధతి వర్తిస్తుందా?

జవాబు: వర్తిస్తుంది, కానీ ముద్రించిన ధర అనే పై హద్దుకు లోబడి. ఫోన్ ఛార్జర్ వంటి ప్యాకెట్‌పై గరిష్ఠ చిల్లర ధర 250 అని ఉంటే, చెప్పే ధర 250 దాటరాదు, మెట్లు అక్కడి నుంచే మొదలవ్వాలి. ముద్రించిన ధరకు మించి అమ్మడాన్ని ప్యాకేజీ సరుకులపై 2011లో వచ్చిన తూనికలు, కొలతల నిబంధనలు నిషేధిస్తున్నాయి, వీధి వ్యాపారికీ అవి వర్తిస్తాయి.