ప్రమాణం దాటిన తూకానికి అధిక ధర: తేయాకు కూలి లెక్క, పత్తి తీతకు దాని అన్వయం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో పత్తి తీతకు కిలోల లెక్కన కూలి చెల్లించే పద్ధతి ఉన్నది. తేయాకు తోటలలో ఈ లెక్కకు మరొక మెట్టు చేరుతుంది. రోజువారీ ప్రమాణం దాటిన ఆకుకు కిలో ధర పెరుగుతుంది.

ఉదాహరణకు ప్రమాణం 25 కిలోలు, అంతవరకు కిలోకు 12 రూపాయలు, ఆపైన 15 రూపాయలు అనుకొంటే, 32 కిలోలు తెంపిన కార్మికురాలికి 25 కిలోలకు 300, మిగిలిన 7 కిలోలకు 105, మొత్తం 405 రూపాయలు లభిస్తాయి. మొత్తం తూకాన్ని 15తో గుణించి 480 అనడం పొరపాటు. అధిక ధర అదనపు తూకానికే వర్తిస్తుంది.

ధరలు మారకపోయినా ప్రమాణం మారితే ఆదాయం మారుతుంది. ప్రమాణం 21 కిలోలైతే అదే 32 కిలోలకు 252, 165 కలిపి 417 రూపాయలు వచ్చేవి. అనగా ప్రమాణం పెరిగిన ప్రతి కిలోకు 3 రూపాయల నష్టం. 2015లో మున్నార్ మహిళా కార్మికుల సమ్మె తరువాత రోజు కూలి 232 నుండి 301 రూపాయలకు పెరిగింది. ప్రమాణమూ 21 నుండి 25 కిలోలకు పెరిగింది. కూలి సుమారు 30 శాతం పెరిగినా, ప్రమాణంలోని కిలో ఒక్కింటికి పెరిగినది 9 శాతమే.

పత్తికి ఈ పద్ధతిని అన్వయించేటప్పుడు ఒకే ప్రమాణం పనికిరాదు. చివరి తీతలో విచ్చిన కాయలు పలుచబడతాయి; నేర్పుగల కూలీకి కూడా తొలి తీత ప్రమాణం అందదు. కావున ప్రతి తీతకు మొదటి రోజు తూకాల మధ్యగతాన్ని అనుసరించి ప్రమాణం నిర్ణయించడం న్యాయం. మంచుతడి తూకాన్ని పెంచుతుంది గనుక, తడి ఆరిన తరువాతనే తీత ఆరంభించాలి.