బరకం ఎక్కడ తగులుతుంది?

రావులపాలెం అరటి మార్కెట్‌లో పొద్దంతా గెలల లెక్క చూసి ఇంటికొచ్చిన నాన్న చేతిలో పిల్ల ఫోన్ పెట్టి, "నాన్నా, ఈ లెక్క రావట్లేదు" అంటుంది. మాస్టారు పంపిన వర్క్‌షీట్ ఫొటో అది. పదో తరగతి, ఉపరితల వైశాల్యాలు, ఘనపరిమాణాలు. కాగితం ఒక మూల మడత పడింది, మరో మూల నీడలో ఉంది. స్థూపం మీద శంకువు బొమ్మ, పక్కన అంకెలు. సూత్రాలు మరిచిపోయి పాతికేళ్లయింది కాబట్టి మీరు ఫోన్ తిరిగి ఇచ్చేద్దామనుకుంటారు. ఇవ్వకండి. ఈ రకం లెక్కల్లో పిల్లలు తప్పేది ఎక్కువగా సూత్రాల దగ్గర కాదు. ఫొటోలో ఏముందో చదవడం దగ్గర, రెండు ఘనాలు అతుక్కున్నచోట ఏమైందో చూడడం దగ్గర తప్పుతారు. ఆ రెండింట్లోనూ మీరు సాయం చేయగలరు.

లెక్కలోకి దిగేముందు పిల్లచేత ఫొటో చూసి ఇచ్చినవన్నీ నోటుబుక్కులో రాయించండి. అంకె ఒక్కటే రాస్తే చాలదు, దాని పక్కన అది దేని కొలతో కూడా రాయాలి. 4.2 వ్యాసమా, వ్యాసార్ధమా? బొమ్మలో బాణం గీత వృత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటితే వ్యాసం, మధ్య చుక్క దగ్గర మొదలైతే వ్యాసార్ధం. మసక ఫొటోలో ముందు కనపడకుండా పోయేది ఆ చుక్కే. దాని తర్వాత పోయేవి వెనకవైపు చుక్కల గీతలు, దశాంశ బిందువులు, సెం.మీ. మీద ఉండే చిన్న 2, 3 అంకెలు. చివరివి పోతే అడిగింది వైశాల్యమో ఘనపరిమాణమో బొమ్మ చెప్పదు. ప్రశ్నలోని మాటలే చెప్పాలి. ఇంకో మాట, పక్క నుంచి తీసిన ఫొటోలో బొమ్మ సాగిపోతుంది. "ఇది దానికి రెట్టింపు ఉన్నట్టుంది" అని కంటితో కొలిచి లెక్క చేయనివ్వకండి.

ఇప్పుడు ఒక లెక్క పట్టుకుందాం. మన కోనసీమ వాళ్లకు తెలిసిన ఆకారమే, ధాన్యపు పురి. గడ్డి వెంటి చుట్టి కట్టిన పురి కింద స్థూపం, పైన కప్పు శంకువు. పురి వ్యాసం 4.2 మీటర్లు, మొత్తం ఎత్తు 4.8 మీటర్లు, అందులో స్థూపం ఎత్తు 2 మీటర్లు. వాన పడకుండా బయటంతా కప్పడానికి ఎంత బరకం కావాలి? పురి ఘనపరిమాణం ఎంత?

ఇక్కడ మీరు అడగాల్సింది ఒక్కటే ప్రశ్న. "బరకం ఎక్కడ తగులుతుంది?" స్థూపం చుట్టూ తగులుతుంది. శంకువు వాలు మీద తగులుతుంది. స్థూపం పైమూత మీద తగలదు, ఎందుకంటే దానిమీద శంకువు కూర్చుంది. శంకువు అడుగునా తగలదు. పురి అడుగు నేలమీద ఉంది, అక్కడా తగలదు. ఇది పిల్ల నోటితోనే చెప్పాలి. చెప్పలేకపోతే స్టీలు గ్లాసు బోర్లించి దానిమీద కాగితం శంకువు పెట్టి వేలితో తడమమనండి. వేలు వెళ్లినచోటే వైశాల్యం.

వ్యాసార్ధం 2.1. శంకువు ఎత్తు 4.8 లోంచి 2 తీస్తే 2.8. వాలు మీద బరకం పరుస్తున్నాం కాబట్టి నిలువు ఎత్తు పనికిరాదు, ఏటవాలు ఎత్తు కావాలి. 2.1 వర్గం 4.41, 2.8 వర్గం 7.84, కలిపితే 12.25, దాని వర్గమూలం 3.5. π విలువ 22/7 తీసుకుంటే స్థూపం వక్రతలం 2πrh = 26.4 చదరపు మీటర్లు, శంకువు వక్రతలం πrl = 23.1. మొత్తం 49.5 చదరపు మీటర్ల బరకం. అంచుల దగ్గర మడతకీ కుట్టుకీ ఎంత అదనంగా కావాలో ప్రశ్నలో చెప్పకపోతే కలపకూడదు. బజారులో కొనేటప్పుడు మాత్రం మీరు కలుపుతారు, అది వేరే సంగతి.

పిల్లకు 91.08 వచ్చిందనుకోండి. తప్పు అని గీత కొట్టేయకుండా సరైన జవాబుకీ దానికీ తేడా చూడండి. 41.58. అడుగు వృత్తం వైశాల్యం πr² ఎంత? 13.86. దానికి సరిగ్గా మూడు రెట్లు 41.58. అంటే పిల్ల మూడు వృత్తాలు ఎక్కువ కలిపింది. స్థూపానికి సంపూర్ణతల వైశాల్యం 54.12, శంకువుకు సంపూర్ణతల వైశాల్యం 36.96 విడివిడిగా కట్టి కూడేసింది. స్థూపం పైమూత, శంకువు అడుగు, నేల తాకే అడుగు, ఈ మూడూ లెక్కలోకి వచ్చేశాయి. సూత్రాలు రెండూ ఆమెకు సరిగ్గానే వచ్చు. అతుకు దగ్గర చూసుకోలేదు, అంతే. ఆ మాట ఆమెకు చెప్పండి, ఎందుకంటే అది నిజం.

తేడా ఒక్క వృత్తమే వచ్చి జవాబు 63.36 అయితే అతుకు ఆమెకు తెలిసింది, నేలను కూడా కలిపింది. అప్పుడు ప్రశ్న మళ్లీ చదివించాలి. ఇదే ఆకారాన్ని కొయ్యతో చేసి అంతటా రంగు వేయమంటే 63.36 సరైన జవాబే. జవాబు 44.88 వస్తే వృత్తాల గొడవ కాదు, 3.5 బదులు 2.8 వేసింది. ఏటవాలు ఎత్తు వెతకలేదు.

ఘనపరిమాణం దగ్గర అతుకు సమస్య ఉండదు. లోపలి చోటు కింద కొంత, పైన కొంత, రెండూ కూడితే సరి. వైశాల్యానికి కొన్ని ముఖాలు తీసేసి, ఘనపరిమాణానికి ఏదీ తీయకపోవడం చాలామంది పిల్లలకు అన్యాయంగా కనిపిస్తుంది. గ్లాసు మీద శంకువు పెట్టి చూపించినప్పుడే ఈ మాట కూడా చెప్పేస్తే మంచిది. స్థూపం 13.86ని 2తో గుణిస్తే 27.72, శంకువు 13.86ని 2.8తో గుణించి మూడో వంతు తీస్తే 12.936. మొత్తం 40.656 ఘన మీటర్లు.

ఈ జవాబు సరో కాదో సూత్రం తెలియని మీరు పట్టుకోవడానికి ఒక దారి ఉంది. కింది స్థూపం ఒక్కటే 27.72. కాబట్టి జవాబు దానికన్నా ఎక్కువ ఉండాలి. ఇక పురి మొత్తాన్నీ లోపల పెట్టుకునేంత స్థూపం, అంటే అదే వ్యాసంతో 4.8 మీటర్ల ఎత్తుది ఊహించుకోండి. దాని ఘనపరిమాణం 66.528. జవాబు దానికన్నా తక్కువ ఉండాలి. పిల్లకు 79.464 వచ్చిందంటే హద్దు దాటింది, 4.8ని స్థూపం ఎత్తుగా తీసుకుని దానిమీద మళ్లీ శంకువు పెట్టింది. సరిగ్గా 66.528 వస్తే ఇంకా ముచ్చట, శంకువుకు మూడో వంతు తీయడం మరిచింది. మూడో వంతు తీయని శంకువు స్థూపమే కదా.

పక్కన తాతగారుంటే ఆయన ఊరుకోరు. "పైన కప్పులో వడ్లుంటాయిట్రా?" అంటారు. ఆయన మాట నిజమే. ఎంత ధాన్యం పడుతుందని అడిగితే కప్పును లెక్కలోకి తేవాలా వద్దా అన్నది ప్రశ్న మాటలను బట్టి ఉంటుంది. ఘనమీటరు వడ్లు సుమారు 550 నుంచి 600 కిలోలు తూగుతాయి కాబట్టి స్థూపం వరకే నింపితే డెబ్బయ్యైదు కిలోల బస్తాలు రెండొందల పైచిలుకు. ఆ లెక్క ఆయన్నే కట్టమనండి, పిల్ల వింటుంది.

మొత్తం ఎత్తు, మొత్తం పొడవు అనే మాటలు ఈ పాఠంలో పదేపదే వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో గులాబ్ జామ్ లెక్క ఒకటుంది. రెండు చివర్లా అర్ధగోళాలున్న స్థూపం, పొడవు 5 సెం.మీ., వ్యాసం 2.8 సెం.మీ. చాలామంది 5ని స్థూపం పొడవుగా వేసేస్తారు. ఆ 5లో రెండు చివర్ల అర్ధగోళాలూ ఉన్నాయి, ఒక్కోటి 1.4 తింటుంది, స్థూపానికి మిగిలేది 2.2. హైవే మీద వెళ్లే గ్యాస్ ట్యాంకరు ఎదురైనప్పుడు ఇది చూపించండి. మొత్తం పొడవులోంచి వ్యాసం తీసేస్తే మధ్య గొట్టం పొడవు, దాని చివర్లు సరిగ్గా అర్ధగోళాలైతేనే.

ఇక ఫొటోలో అంకె అనుమానంగా ఉన్నప్పుడు. మన పురి లెక్కలో 4.8 మసకగా ఉండి పిల్ల 4.3 అని చదివిందనుకోండి. శంకువు ఎత్తు 2.3 అవుతుంది, వర్గాలు కలిపితే 9.7, వర్గమూలం 3.114 అంటూ తెగకుండా పోతుంది. వ్యాసం 4.2ని వ్యాసార్ధం అనుకున్నా అంతే, 25.48 వర్గమూలం దగ్గర ఇరుక్కుంటుంది. వర్క్‌షీట్ తయారుచేసేవాళ్లు చాలావరకు 22/7తో తెగేలా ఏడు గుణిజాలనీ, వర్గమూలం సాఫీగా వచ్చేలా మూడు-నాలుగు-అయిదు కుటుంబం అంకెలనీ ఎంచుకుంటారు. మన 2.1, 2.8, 3.5 ఆ కుటుంబమే, ఒక్కోదాన్ని 0.7తో గుణించారు. అందుకని వర్గమూలం తెగకపోతే ముందు ఫొటో మీదికి అనుమానం పోవాలి. దశాంశ బిందువు పోయి 4.2 కాస్తా 42 అయితే అది ఇంకా తేలిక. నలభై రెండు మీటర్ల వెడల్పు పురి ఏ దొడ్లో పడుతుంది?

అయితే ఇది అనుమానానికే ఆధారం. వర్గమూలం తెగని లెక్కలు పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటాయి, కొన్నింటికి √ గుర్తుతోనే జవాబు వదిలేస్తారు. కాబట్టి లెక్క సాఫీగా రావాలని అంకెను మీరే మార్చి పెట్టకండి. నోటుబుక్కులో "మొత్తం ఎత్తు 4.8గా తీసుకున్నాను" అని ఒక వాక్యం రాయించి లెక్క పూర్తి చేయించండి. మాస్టారికి మెసేజ్ పెట్టేటప్పుడు "ఫొటో సరిగా లేదు" అంటే ఆయన మళ్లీ అదే పంపుతారు. "మూడో లెక్కలో మొత్తం ఎత్తు 4.3నా 4.8నా, బాణం వ్యాసానిదా వ్యాసార్ధానిదా" అని అడగండి. కొత్త ఫొటో కావాలంటే కాగితం బల్లమీద పరిచి పగటి వెలుగులో నిట్టనిలువుగా పైనుంచి తీసి, వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది, చిన్న అంకెలు ముందు పోతాయి.