మూయనా? మూస్తానా?

ఓడరేవు కార్యాలయంలో ఇంటర్వ్యూకు వెళ్లిన విద్యార్థి ‘విల్ ఐ క్లోజ్ ద డోర్?’ అన్నాడనుకొందాము. తలుపు మూయుటకు తాను సిద్ధమని చెప్పుట అతని ఉద్దేశం. వచ్చిన అర్థం మాత్రం ‘నేను తలుపు మూస్తానా?’ అని, తన పనిని గూర్చి తానే జోస్యం అడిగినట్లున్నది! ‘మూయనా?’ అనవలెనంటే ‘షల్ ఐ’ కావాలి.

ఈ భేదం మన తెలుగులోనే ఉన్నదని మేము గమనించాము. ‘రామకృష్ణా బీచికి వెళ్దామా?’ అనే సూచనకు ‘షల్ వి’. ‘చీకటి పడకముందే చేరుతామా?’ అనే సందేహానికి ‘విల్ వి’. ఎదుటివారిని పని కోరునప్పుడు ‘విల్ యూ సైన్ హియర్, ప్లీజ్?’ అంటాము, పై అధికారితోనైతే ‘వుడ్ యూ’ మరింత మర్యాద.

అమెరికావారు ‘షల్ ఐ’కి బదులు తరచు ‘షుడ్ ఐ’ అంటారు. స్కాట్లండు, ఐర్లండులలోనైతే మన విద్యార్థి వాక్యం తప్పు కాదు.