యాకోబు జేమ్స్ ఎలా అయ్యాడు

మా మేనకోడలు ఒక ఆదివారం మధ్యాహ్నం తెలుగు బైబిలు, ఇంగ్లీషు బైబిలు పక్కపక్కన పెట్టుకుని మత్తయి సువార్త చదువుతోంది. మొదటి అధ్యాయంలో ఇస్సాకు కొడుకు యాకోబు ఇంగ్లీషులో జేకబ్. నాలుగో అధ్యాయంలో జెబెదయి కొడుకు యాకోబు మాత్రం ఇంగ్లీషులో జేమ్స్. "మావయ్యా, తెలుగులో ఒకే పేరుంటే ఇంగ్లీషులో రెండెందుకు? ఎవరో ఒకరు తప్పు రాశారు కదా?" అని అడిగింది. ఎవరూ తప్పు రాయలేదు. ఆ రెండు పేర్లూ ఒకటేనని దానికి చూపించడానికి ఆ సాయంత్రం అంతా పట్టింది. ఎలా చూపించానో ఆ వరసలోనే చెబుతాను. బైబిలులోని ఏ పేరు దారి వెతకాలన్నా దాదాపు ఇదే వరస.

మొదట చేయాల్సింది పేరును పట్టుకోవడం కాదు, వచనాన్ని పట్టుకోవడం. పేరు భాషభాషకూ మారిపోతుంది కానీ అధ్యాయం, వచనం అంకెలు దాదాపు మారవు. మత్తయి 1:2, మత్తయి 4:21 అని రాసుకుంటే ఏ భాష బైబిలు తెరిచినా అదే మనిషి దగ్గర ఆగుతాం. ఈ పని చేయకుండా పేర్ల చప్పుడును బట్టి పోలిస్తే ఎక్కడో ఒక చోట పక్కదారి పడతాం. అలా పడ్డవాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు మూలానికి వెళ్దాం. హీబ్రూలో ఈ పేరుకు నాలుగే అక్షరాలు: యోద్, అయిన్, కోఫ్, బేత్. అన్నీ హల్లులే. హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాసే భాష, పాత రాతలో అచ్చులకు గుర్తులు ఉండేవి కావు. చదివేవాడికి పేరు తెలుసు కాబట్టి అచ్చులు నోట్లో నుంచే వచ్చేవి. అక్షరాల కిందా పైనా చుక్కలు, గీతలు పెట్టి ఉచ్చారణను కట్టుదిట్టం చేసింది చాలా తర్వాత, క్రీ.శ. 7–10 శతాబ్దాల మధ్య మసోరెట్లు అనే పండితులు. వాళ్ల గుర్తుల ప్రకారం ఈ పేరు సుమారుగా యఅకోవ్. ఆదికాండం 25వ అధ్యాయం ఈ పేరును మడమతో ముడిపెడుతుంది. కవలల్లో రెండోవాడు అన్న మడమ పట్టుకుని పుట్టాడని కథ, మడమకు హీబ్రూ మాట అకేవ్.

ఈ నాలుగు అక్షరాల్లో అయిన్ మీద కాస్త ఆగాలి. అది గొంతు లోతులో నొక్కి పలికే ధ్వని, తెలుగులో లేదు. గ్రీకులోనూ లేదు. క్రీ.పూ. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా యూదులు తమ ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి మార్చడం మొదలుపెట్టినప్పుడు ఈ అక్షరానికి పెట్టడానికి వాళ్ల దగ్గర ఏ గుర్తూ లేదు, వదిలేశారు. మిగిలింది ఇయోటా, ఆల్ఫా, కప్పా, ఒమేగా, బీటా. అంటే ఇయాకోబ్. మన యాకోబుకు మధ్యలో ఆ గొంతు నొక్కు లేకపోవడానికి కారణం ఇదే.

అయితే అయిన్ ఉన్న ప్రతి పేరులోనూ అది మాయం కాలేదు. గాజా పట్టణం పేరు హీబ్రూలో అయిన్‌తోనే మొదలవుతుంది, గ్రీకులో మాత్రం దానికి గ వచ్చింది. పాతకాలంలో అయిన్ అనే ఒక్క అక్షరం రెండు వేర్వేరు ధ్వనులకు పని చేసేది, అందులో ఒకటి గరగరమనే గ లాంటిది. ఏ పేరులో ఏది ఉందో తేల్చడానికి అరబీ సాయం చేస్తుంది, ఎందుకంటే అరబీలో ఆ రెండిటికీ ఇప్పటికీ వేర్వేరు అక్షరాలున్నాయి. అరబీ వాళ్లు గాజాను గైన్‌తో రాస్తారు, యాకూబ్‌ను ఐన్‌తో రాస్తారు. గ్రీకులో ఒకదానికి గ రావడం, ఇంకొకదానికి ఏమీ రాకపోవడం దీనితో సరిగ్గా సరిపోతుంది. ఇలా ఒక భాష చెప్పినదాన్ని ఇంకో భాష సాక్ష్యంతో సరిచూసుకోవడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం.

మేనకోడలి ప్రశ్నకు జవాబు మొదలయ్యేది గ్రీకు కొత్త నిబంధనలో. మత్తయి 1:2లో ఉన్నది ఇయాకోబ్, ఏ ప్రత్యయమూ లేదు. 4:21లో ఉన్నది ఇయాకోబొన్. మనం రాముడు, రాముణ్ణి, రాముడికి అన్నట్టు గ్రీకు వాళ్లు కూడా పేరు చివర విభక్తిని బట్టి మారుస్తారు. ఇయాకోబొస్ అంటే కర్త, ఇయాకోబొన్ అంటే కర్మ. పూర్వీకుడి పేరును లేఖనాల్లో ఉన్నది ఉన్నట్టు, కదపకుండా ఉంచారు. చేపలు పట్టుకునే శిష్యుడి పేరును మాత్రం రోజువారీ గ్రీకు పేరులా మలిచారు. కాలాన్ని బట్టే ఈ తేడా వచ్చిందనుకుంటే పొరపాటు: మత్తయి 1:16లో మరియ భర్త యోసేపుకు తండ్రిగా వచ్చే యాకోబు కూడా ప్రత్యయం లేని ఇయాకోబే. వంశావళి కాబట్టి అక్కడ పాత పద్ధతే నడిచింది. జెరోమ్ నాలుగో శతాబ్దం చివర లాటిన్ బైబిలు సిద్ధం చేసినప్పుడు ఈ తేడా అలాగే దిగింది: పూర్వీకుడు యాకోబ్, శిష్యుడు యాకోబుస్.

ఇక్కడి నుంచి పూర్వీకుడి పేరు దాదాపు కదలదు, పుస్తకంలోనే ఉండి జేకబ్ దాకా వస్తుంది. శిష్యుడి పేరు జనం నోళ్లలో పడింది. ఏ దేశంలో ఏ పల్లెలో బిడ్డ పుట్టినా పెట్టుకునే పేరు అయింది. జనం నోట్లో నానిన పేరు అరగకుండా ఉండదు.

మొదటి అరుగుదల ఊనిక వల్ల వచ్చింది. లాటిన్ వ్యాకరణం ప్రకారం నడుమ ఉన్న కో దీర్ఘం కాబట్టి దాన్నే ఒత్తి పలకాలి. కానీ గ్రీకులో ఊనిక మొదటి భాగం మీద ఉండేది, జనం దాన్నే పట్టుకున్నారు. మొదట ఒత్తితే నడుమ నీరసిస్తుంది. మనం వెళుతున్నాను అని రాసి వెళ్తున్నాను అని పలకడం లేదూ, అక్కడ నడుమ ఉన్న ఉకారం పోయినట్టే ఇక్కడా పోయింది. స్పెయిన్‌లో ఇలా అరిగి మిగిలింది యాగో. దానికి ముందు సంత్ చేరిస్తే సంతియాగో.

రెండో అరుగుదలలో బ కాస్తా మ అయింది. మన వర్ణమాల చదివినవాళ్లకు ఇది వింతగా తోచదు. ప, ఫ, బ, భ, మ ఒకే వరసలో ఎందుకు పెట్టారు? అన్నీ పెదవులు కలిపి పలికేవే. బ పలికేటప్పుడు గాలి ముక్కులోంచి కూడా వెళ్తే మ అవుతుంది. జలుబు చేసినవాడు మామ అంటే బాబ అని వినిపించేది కూడా ఇందుకే, అది ఎదురు దిశ. అలా ఆలస్యపు లాటిన్‌లో యాకోముస్ అనే రూపం వచ్చింది. ఇటలీలో జాకొమో, కాటలన్‌లో జౌమె, పాత ఫ్రెంచిలో జేమ్స్ దాని సంతానం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి పేర్లు అక్కడ పాతుకుపోయాయి, ఈ పేరు చేరిన దారీ అదే. జేమ్స్ చివరనున్న స్ లాటిన్ ఉస్ తోక. చార్లెస్‌లోనూ అదే తోక ఉంది.

మొదటి య జ ఎలా అయిందో తెలుగువాళ్లకు చెప్పే పని సులువు. యాత్ర జాతర అయింది, యమున జమున అయింది. లాటిన్ నుంచి ఫ్రెంచి, ఇటాలియన్ పుట్టే క్రమంలోనూ మాట మొదటి య జ వైపు జరిగింది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, జె అనే అక్షరం పుట్టాక ఉచ్చారణ మారిందనుకోవడం. జరిగింది తలకిందులుగా. ధ్వని ఎప్పుడో మారిపోయింది, అక్షరం మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలు మొదటి ముద్రణలో రాజుగారి పేరు జెతో ఉండదు, ఐతో ఉంటుంది. జేమ్స్ అని పలుకుతూనే ఐతో అచ్చువేశారు.

దారి గీశాక దాన్ని నమ్మవచ్చా లేదా చూడాలి. అందుకు అదే రాజు నాణెం పనికొస్తుంది. నాణెం చుట్టూ రాత లాటిన్‌లో ఉంటుంది, అందులో ఆయన పేరు యాకోబుస్. తన దేశంలో తన భాషలో జేమ్స్ అయిన మనిషి, తన టంకశాల వేసిన నాణెం మీద యాకోబుస్. ఆ కాలపు జనానికే ఈ రెండూ ఒకటని తెలుసు. ఆయన మనవడు రెండో జేమ్స్ 1688లో గద్దె దిగాల్సి వచ్చాక అతని పక్షాన నిలిచినవాళ్లను జాకోబైట్లు అన్నారు. జేమ్స్ అనుచరులకు ఆ పేరెందుకని తికమకపడేవాళ్లకు ఆ నాణెమే జవాబు.

స్కాట్లండు వాళ్ల హేమిష్ కూడా ఈ పేరే, చూడ్డానికి మాత్రం ఎక్కడా పొంతన ఉండదు. గేలిక్ భాషలో జేమ్స్‌ను షేమస్ లాగా పలుకుతారు. పిలిచేటప్పుడు, అంటే సంబోధనలో, మాట మొదటి ధ్వని మెత్తబడి హ అవుతుంది. మనకు రాముడు పిలుపులో రామా అవుతాడు, వాళ్లకు షేమస్ పిలుపులో హేమిష్ అవుతాడు. పక్కింటివాళ్లు పిలుస్తుంటే విన్న ఇంగ్లీషు వాళ్లు ఆ పిలుపునే పేరనుకున్నారు.

ఇక పక్కదారి పట్టినవాళ్ల సంగతి. ఫ్రెంచి జాక్ ఈ పేరే, అది యాకోబుస్ నుంచే వచ్చింది. దానితో ఒకేలా వినిపించే ఇంగ్లీషు జాక్ కూడా ఇదే అనుకుంటారు. కాదు. ఇంగ్లీషు జాక్ జాన్‌కు ముద్దుపేరు, అంటే యోహాను వంశం. స్పెయిన్ దియేగో సంగతి ఇంకా జారుడు. సంతియాగోను సన్ తియాగో అని తప్పుగా విరిచి, తియాగో నుంచి దియేగో తీశారని పాత వివరణ. పోర్చుగీసులో తియాగో అలాగే పుట్టిన మాట నిజం. కానీ మధ్యయుగపు లాటిన్ పత్రాల్లో దియేగో అనేవాళ్లను దిదాకుస్ అని రాశారు, యాకోబుస్ అని కాదు. అందుకే నేను గీసిన పటంలో దియేగో దగ్గర గీత కాకుండా చుక్కలు పెట్టాను. చప్పుడు కలిసినంత మాత్రాన సరిపోదు, ప్రతి మలుపులోనూ రాతలో ఒక సాక్షి దొరకాలి.

మేనకోడలికి ఇప్పుడు తెలుగు మిగిలింది. తెలుగు బైబిలు రెండు చోట్లా యాకోబు అనే ఉంచింది, చివర మన ఉకారం చేర్చుకుంది. ఇంగ్లీషులో అరిగిన రూపాన్ని తీసుకోలేదు. అందువల్ల పూర్వీకుడికీ శిష్యుడికీ ఒకే పేరు ఉన్న సంగతి ఇంగ్లీషు పాఠకుడికి కనిపించదు, తెలుగు పాఠకుడికి కనిపిస్తుంది. నష్టం ఏమిటంటే, గ్రీకులో ప్రత్యయం ఉన్నదీ లేనిదీ అన్న తేడా తెలుగులో చెరిగిపోయింది.

ఇంతలో మా అక్క వంటింట్లోంచి వచ్చి, "మరి మన పనమ్మాయి యాకమ్మ?" అంది. ఆ అమ్మాయిది వరంగల్ వైపు. అక్కడ అన్నారంలో యాకూబ్ షావలీ దర్గా ఉంది. మొక్కుకుని పిల్లలు పుట్టినవాళ్లు మతంతో పని లేకుండా ఆయన పేరు పెట్టుకుంటారు: యాకూబ్, యాకయ్య, యాకమ్మ. ఈ పేరు గ్రీకు, లాటిన్ దారిన రాలేదు, అరబీ దారిన వచ్చింది. కో బదులు కూ ఉన్నది అందుకే. తెలంగాణ నోట్లో చివరి బకారం రాలిపోయి అయ్య, అమ్మ చేరాయి. మేనకోడలు కాగితం తీసుకుని, పైన హీబ్రూ నాలుగక్షరాల నుంచి ఇంకో గీత కిందికి లాగి, జేమ్స్‌కూ హేమిష్‌కూ పక్కన యాకమ్మ అని రాసింది.