ఒక్క 'సర్' చాలమ్మా

మెయిల్ రాయడానికి కూర్చున్నప్పుడల్లా మనకో బెంగ. 'సర్' అని ఒక్కసారే రాస్తే పొగరనుకుంటారేమో! అందుకని వాక్యానికొకటి చొప్పున పెట్టేస్తాం. అవనిగడ్డలో ఉండి డీఎస్సీకి చదువుకుంటున్న ఓ చెల్లి మొన్న నాకు చూపించిన మెయిల్ అలాంటిదే. డిగ్రీ మార్కుల మెమోలో ఇంటిపేరు తప్పు పడింది, సరిచేయమని పరీక్షల విభాగానికి రాసుకుంది. "రెస్పెక్టెడ్ సర్, గుడ్ మార్నింగ్ సర్. సర్, మీ విలువైన సమయం తీసుకుంటున్నందుకు క్షమించండి సర్. నేనొక పేద విద్యార్థినిని సర్..." ఇలా సాగి సాగి, ఆరో వరుసకి గానీ ఇంటిపేరు సంగతి రాలేదు. హాల్ టికెట్ నంబరైతే అసలు లేనేలేదు.

పిల్లని ఏమనగలం? మనం మాట్లాడే తీరే అంత. గుడివాడ బస్టాండులో బస్సు గురించి అడిగినా "ఎన్నింటికండీ? బందరు వెళ్తుందాండీ?" అంటాం. ఆ 'అండీ' గొంతులో కలిసిపోతుంది, వినేవాళ్లకి బరువనిపించదు. మెయిల్ రాసేసరికి ప్రతి 'అండీ' ఒక 'సర్' అయిపోతుంది. రాతలో గొంతు ఉండదు కదా, చదివేవాళ్లకి చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషే కనబడుతుంది.

ఆఫీసు ఉత్తరాల వాసన కూడా మనల్ని వదల్లేదు. బందరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో సర్కారు కాగితాల్లో పెద్దమనుషుల పేరుకి ముందు 'మ.రా.రా.శ్రీ', అంటే మహారాజరాజశ్రీ, వెనక 'గారు', ఆపైన అరవం 'అవర్గళ్' కూడా ఉండేవి. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఉత్తరాల పద్ధతి చూడు: మొదట ఒక్క 'సర్' గానీ 'మేడమ్' గానీ, చివర 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ', అంతే. సర్కారుకే ఒకటి సరిపోతే మనకెందుకమ్మా అన్ని? కేరళలో పాలక్కాడ్ జిల్లా మాత్తూర్ పంచాయతీ అయితే 2021లో తమ ఆఫీసులో సర్, మేడమ్ అనే పిలుపులే వద్దని తీర్మానం చేసింది. దరఖాస్తుల్లో వేడుకోళ్లు కూడా అక్కర్లేదంది. మనం అంతదాకా పోనక్కర్లేదులే.

అసలు నష్టం ఎక్కడో చెప్పనా? అవతలివాళ్లు ఫోన్‌లో మెయిల్ పెట్టె తెరిస్తే సబ్జెక్టూ, మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి. ఆ కాస్త చోటూ నమస్కారాలకే పోతే మన పనేంటో వాళ్లకెలా తెలుస్తుంది? పైగా తప్పు పడింది మెమోలో, క్షమాపణ చెప్పుకుంటోంది మనం! ఫీజు కట్టి అడుగుతున్న పనికి పేదరికం చెప్పుకోవడం ఎందుకు?

అందుకే ఇద్దరం కూర్చుని ఆ మెయిల్‌లో 'సర్'లన్నీ కొట్టేసి చదివాం. ఒక్క వాక్యం కూడా చెడలేదు. మిగిలినదాన్ని ఇలా తిరగరాశాం:

"సబ్జెక్టు: మార్కుల మెమోలో ఇంటిపేరు సవరణ (పక్కనే హాల్ టికెట్ నంబరు)

సర్/మేడమ్,

నా డిగ్రీ మార్కుల మెమోలో ఇంటిపేరు తప్పుగా పడింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టుగా సవరించి ఇవ్వగలరు. రెండింటి కాపీలూ, ఫీజు రసీదూ జతచేశాను. సర్టిఫికెట్ల పరిశీలన ఉన్నందున ఈ నెల 25లోగా మెమో అవసరం. ఇంకేమైనా కాగితాలు కావాలంటే తెలియజేయగలరు.

ధన్యవాదాలు."

కింద పేరు, ఫోన్ నంబరు. "మరీ గట్టిగా ఉందేమో అక్కా" అంది. ఎక్కడుందమ్మా గట్టిదనం? 'ఇవ్వగలరు' అన్నదాంట్లోనే మర్యాద ఉంది. తేదీ పక్కన కారణం చెప్పాం కాబట్టి అది హుకుం కాదు. కాగితాలన్నీ ఒకేసారి పంపి, వాళ్లు మళ్లీ అడగక్కర్లేకుండా చేశాం. ఆ సీట్లో కూర్చున్నవాళ్లకి అంతకన్నా గౌరవం ఏం కావాలి?

పేరు తెలిసినవాళ్లయితే ఇంకా తేలిక. పేరు పక్కన 'గారు' పెడితే చాలు, ఇంగ్లీషు మెయిల్‌లోనూ బాగానే నప్పుతుంది. ఆడవాళ్లో మగవాళ్లో తెలియనప్పుడు అలవాటుకొద్దీ 'సర్' అనేయకు. హోదా రాసి 'గారికి' అను, లేదా మనం పైన రాసినట్టు రెండూ పెట్టు. కోర్టుల్లాంటి చోట్ల సంబోధనకి వాళ్ల పద్ధతి ఉంటుంది, అక్కడ మాత్రం అదే పాటించు.

వారమైనా జవాబు రాలేదా? కొత్త మెయిల్ మొదలుపెట్టకు. పాతదానికే రిప్లై కొట్టి, "పై విషయం ఎంతవరకు వచ్చిందో తెలియజేయగలరు" అని ఒక్క వరుస రాయి. ఈసారి గుడ్ మార్నింగ్‌లు కూడా వద్దు.