గుండె దడకు ఒక్క కాగితం

ప్రశ్న: మాది మైపాడు. మావారు వేటకు వెళ్లినప్పుడు గాలి పెరిగితే నాకు గుండె దడ, ఊపిరాడదు. పరీక్షలు చేసి గుండె బాగానే ఉందని, ఇది పానిక్ అని డాక్టరు చెప్పారు. జాగ్రత్తలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోమన్నారు. ఏం రాయాలి?

జవాబు: అమ్మా, దడ మొదలయ్యాక చదివే ఓపిక ఉండదు. అందుకే పెద్ద అక్షరాలతో, చిన్న వాక్యాలతో రాయండి. మొదటి వాక్యం ఇది: 'ఇది పానిక్. సాధారణంగా 10 నిమిషాల్లో పెరిగి, తర్వాత తగ్గుతుంది.' దాని కింద: 'కూర్చో. 4 లెక్కపెడుతూ ముక్కుతో పీల్చు, 6 లెక్కపెడుతూ మెల్లగా వదులు.' వదలడమే ఎక్కువసేపు ఉండాలి. గబగబా పీలిస్తే తల తిరుగుడు, వేళ్ల తిమ్మిరి ఇంకా పెరుగుతాయి.

తర్వాత, పిలిస్తే వచ్చే పొరుగింటివారి నంబరు. సముద్రంలో ఉన్న మీవారికి సిగ్నల్ అందకపోవచ్చు, ఆయన పేరు మొదట పెట్టకండి. రాత్రీపగలూ తెలుగులో మాట్లాడే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కూడా రాయండి. తుపానుకు కరెంటు పోతే ఫోను ఆరిపోతుంది, కాబట్టి నంబర్లు కాగితం మీదే ఉండాలి.

మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లకు మించకూడదు, ఇవి డాక్టరు చేతే రాయించండి. ఉబ్బసం ఉంటే తప్పక రాయాలి, దడకు ఇచ్చే ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం.

చివర ఎర్ర సిరాతో: 'ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా, ఎప్పటిలా తగ్గకపోయినా 108.' కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలుపు పక్కన తగిలించండి. మందు మారిన రోజే కొత్తది రాసి, పాతది చించేయండి.